స్పిన్ మొదట్లోనూ చివర్లోనూ వాషింగ్ మెషీన్ ఊగిపోతోంది, పూర్తి వేగంలో మాత్రం నిలకడగా ఉంటోంది: కారణం ఏమిటి?

వేణు_కాకినాడ
మా ఇంట్లో ముందు తలుపు ఉన్న 7 కేజీల వాషింగ్ మెషీన్ ఆరేళ్లుగా పనిచేస్తోంది. నాలుగైదు నెలలుగా ఒక విచిత్రం గమనిస్తున్నాను. స్పిన్ మొదలై వేగం పుంజుకుంటున్నప్పుడు ఒక దశలో లోపలి టబ్ విపరీతంగా ఊగి, రెండు మూడు సార్లు బయటి డబ్బాకు ధన్‌మని తగులుతుంది. ఆ తరువాత వేగం పెరిగే కొద్దీ అదురు తగ్గిపోయి, 1000 చుట్ల దగ్గర మెషీన్ మీద పెట్టిన గ్లాసులో నీళ్లు సన్నగా వణకడం తప్ప మరేమీ కనిపించదు. స్పిన్ ముగిసి డ్రమ్ము నెమ్మదిస్తూ ఆగబోయే ముందు మళ్లీ అదే ఊపు, ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు. వేగం పెరిగితే అదురు కూడా పెరగాలి కదా, ఇక్కడ తిరకాసుగా ఎందుకు జరుగుతోంది?

గోదారి_రాధ
మెషీన్ నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనుతున్నాయో లేదో ముందు చూడండి. మా ఇంట్లో వెనక కాలు ఒకటి అర అంగుళం పైకి లేచి ఉండి ఇలాగే గోల చేసేది. స్పిరిట్ లెవెల్ పెట్టి కాలి నట్టు తిప్పగానే సర్దుకుంది.

వేణు_కాకినాడ
రాధ గారూ, అది చూశాను. మూలలు చేత్తో నొక్కితే ఎటూ కదలడం లేదు. పైగా కాళ్ల లోపమైతే అన్ని వేగాల్లోనూ ఇబ్బంది కనిపించాలి. నాకు ఒక్క వేగంలోనే వస్తోంది.

బీటెక్_మూడో_ఏడు
ఇది అనునాదం. స్ప్రింగులకు వేలాడే టబ్‌కు ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది, డ్రమ్ము తిరిగే వేగం దానితో కలిసిన క్షణంలో కంపన పరిమితి అనంతమవుతుంది. ఇంకా గట్టి స్ప్రింగులు వేయిస్తే సమస్య పోతుంది.

మూర్తి_వైబ్రేషన్
మొదటి వాక్యం సరైనదే. అనంతం అన్న మాట ఊపును అణచే డాంపర్ లేని వ్యవస్థకు మాత్రమే వర్తిస్తుంది, గట్టి స్ప్రింగుల సలహాతో నేను ఏకీభవించను. నాకు తిరిగే యంత్రాల కంపనాలు కొలిచే పనిలో ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు తలుపు మెషీన్ల లోపల టబ్, డ్రమ్ము, మోటారు, వాటికి బిగించిన కాంక్రీటు దిమ్మ, తడి బట్టలు అన్నీ కలిసి ఒకే ముద్దగా పైనుంచి రెండు స్ప్రింగులకు వేలాడుతుంటాయి. కింద రెండు డాంపర్లు ఆ ముద్దను డబ్బా అడుగుతో కలుపుతాయి. వేణు గారు ఒక చిన్న కొలత తీసుకుంటే లెక్క మొదలుపెట్టవచ్చు. మెషీన్ ఖాళీగా, ప్లగ్గు తీసి ఉన్నప్పుడు తలుపు తెరచి, డ్రమ్ములో రెండు 5 కేజీల బియ్యం సంచులు పెట్టండి. టబ్ ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో డబ్బా అంచు నుంచి స్కేలుతో కొలవండి. తరువాత సంచులు తీసేసి, టబ్‌ను చేత్తో 3 సెంటీమీటర్లు కిందకు నొక్కి వదిలి, అది ఎన్నిసార్లు ఊగి ఆగుతుందో, ఒక్కో ఊపులో ఎంత కిందకు వస్తుందో చూడండి.

సర్వీస్_సత్తిబాబు
నొక్కి వదిలే పరీక్ష మేము రోజూ చేస్తాము. డాంపర్లు బాగుంటే టబ్ ఒకసారి పైకి వచ్చి అక్కడే ఆగిపోతుంది. రెండు మూడు సార్లు ఊగిందంటే డాంపర్ల పని అయిపోయినట్టే. పద్దెనిమిదేళ్లుగా మెషీన్లు బాగుచేస్తున్నాను, ఈ పరీక్ష నన్ను చాలా అరుదుగా మోసగించింది.

వేణు_కాకినాడ
కొలిచాను. రెండు సంచులు పెట్టగానే టబ్ 8 మిల్లీమీటర్లు దిగింది. 30 మిల్లీమీటర్లు నొక్కి వదిలితే, తరువాతి ఊపులో 16, ఆ తరువాత 8 మిల్లీమీటర్ల వరకు వచ్చింది. మా అబ్బాయి ఫోనుతో వీడియో తీశాడు, స్కేలు పక్కనే పెట్టి తీయడంతో అంకెలు దాదాపు నమ్మదగ్గవే.

మూర్తి_వైబ్రేషన్
మంచి కొలతలు. 10 కేజీల బరువు అంటే 98 న్యూటన్లు, అది 8 మిల్లీమీటర్లు దింపింది కాబట్టి స్ప్రింగుల గట్టిదనం మీటరుకు సుమారు 12,250 న్యూటన్లు. వేలాడే ముద్ద మొత్తం, తడి బట్టలతో సహా, ఈ పరిమాణం మెషీన్‌కు 50 కేజీల దరిదాపుల్లో ఉంటుందని అనుకుందాము.

```
ωn = √(k/m) = √(12250/50) ≈ 15.65 rad/s
fn = ωn / 2π ≈ 2.5 Hz
N  = 2.5 × 60 = 150 rpm
```

అంటే ఈ టబ్‌ను దాని మానాన వదిలేస్తే సెకనుకు రెండున్నర సార్లు ఊగుతుంది. డ్రమ్ములో ఒక పక్కకు చేరిన బట్టలు నిమిషానికి 150 చుట్లు తిరిగినప్పుడు అవి కూడా టబ్‌ను సెకనుకు రెండున్నర సార్లే లాగుతాయి. మీకు ఊపు కనిపించేది ఆ వేగం దగ్గరే అయి ఉండాలి. వీడియోలో లెక్కపెట్టి చూడండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఒక తడి తువ్వాలు వల్ల అర కేజీ బరువు ఒక పక్కకు, మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో మిగిలిపోయిందని అనుకోండి. 150 చుట్ల దగ్గర అది టబ్‌ను లాగే బలం దాదాపు 25 న్యూటన్లు, అంటే రెండున్నర కేజీల బరువు మోపినట్టు. 1000 చుట్ల దగ్గర అదే తువ్వాలు దాదాపు 1100 న్యూటన్లతో, అంటే ఒక నిండు బస్తా కంటే ఎక్కువ బరువుతో లాగుతుంది. బలం నలభై రెట్లకు పైగా పెరిగింది, ఊపు మాత్రం తగ్గింది. వేగం పెరిగితే బలం పెరుగుతుందన్న మీ ఆలోచన సరైనదే. అయితే బలం ఎంత అన్నది ఒక ప్రశ్న, టబ్ ఎంత కదులుతుంది అన్నది వేరొక ప్రశ్న.

కవిత_కరీంనగర్
రెండున్నర కేజీల బలానికి 50 కేజీల టబ్ డబ్బాకు కొట్టుకునేంత ఊగుతుందంటే నమ్మశక్యంగా లేదు. ఎక్కడో లెక్క తప్పి ఉండాలి.

లలిత_పాలకొల్లు
కవిత గారూ, మా మనవరాలికి దూలానికి స్ప్రింగు కట్టి ఊయల వేశాము. చీర ఉయ్యాలలో పాపను పడుకోబెట్టగానే స్ప్రింగు పావు మీటరు సాగుతుంది. ఒక వేలితో, అది కిందకు దిగే వేళకు సరిగ్గా కలిపి, మెల్లగా నొక్కుతూ పోతే పదిసార్లలో జానెడు ఎత్తున ఊగుతుంది. అదే వేలితో గబగబా, దాని లయతో పని లేకుండా పొడిస్తే ఊయల వణుకుతుంది తప్ప ఊగదు. గట్టిగా పొడిచినా అంతే. మీరు చెప్పుకుంటున్నది ఇదే కదా?

మూర్తి_వైబ్రేషన్
సరిగ్గా ఇదేనండీ, లలిత గారూ. పావు మీటరు సాగిన స్ప్రింగు మీద పాప ఒక్కసారి పైకి వెళ్లి కిందకు రావడానికి దాదాపు ఒక సెకను పడుతుంది, ఇంట్లో గడియారం చూసి లెక్కపెట్టవచ్చు. బరువు ఎంతన్నది కూడా తెలియనక్కరలేదు, స్ప్రింగు ఎంత సాగిందో తెలిస్తే చాలు.

లయ కలిసినప్పుడు మీ వేలు ప్రతిసారీ ఊయల వెళ్తున్న వైపుకే నెడుతుంది. పెట్టిన శక్తి ఏదీ వెనక్కు పోదు, పేరుకుంటూ వస్తుంది. ఒక్కో ఊపులో డాంపర్ తినేసే శక్తి, మీరు పెట్టే శక్తి సమానమయ్యే వరకు ఊపు పెరుగుతుంది, అక్కడ ఆగుతుంది. అందుకే అది అనంతం కాదు, అందుకే డాంపర్ ముఖ్యం.

వేణు గారి అంకెలు 30, 16, 8 చూడండి, ప్రతి ఊపుకు దాదాపు సగమవుతోంది. దాని నుంచి, ఊపు ఎంత త్వరగా అణగుతుందో చెప్పే డంపింగ్ నిష్పత్తి సుమారు 0.1 అని తేలుతుంది. అనునాదం దగ్గర ఆ తువ్వాలు టబ్‌ను అటూ ఇటూ 10 మిల్లీమీటర్ల చొప్పున ఊపుతుంది. ఒక కేజీ దుప్పటి ముద్దగా చేరితే 20 మిల్లీమీటర్లు, అప్పుడు డబ్బాకు తగలడంలో ఆశ్చర్యం లేదు. అదే డంపింగ్ నిష్పత్తి 0.35 ఉంటే తువ్వాలుకు వచ్చే ఊపు 3 మిల్లీమీటర్లే.

బీటెక్_మూడో_ఏడు
అనంతం గురించి ఒప్పుకుంటున్నాను. 1000 చుట్ల దగ్గర 1100 న్యూటన్ల బలం ఎక్కడికి పోతోందో మాత్రం నాకు ఇంకా అర్థం కాలేదు. పుస్తకంలో గ్రాఫు తగ్గుతున్నట్టు ఉంది కానీ ఎందుకో లేదు.

మూర్తి_వైబ్రేషన్
ఎక్కడికీ పోలేదు, టబ్ జడత్వం దాన్ని మోస్తోంది. వేగం సహజ పౌనఃపున్యాన్ని బాగా దాటాక స్ప్రింగు ప్రభావం నామమాత్రం అవుతుంది, టబ్ గాలిలో స్వేచ్ఛగా తేలుతున్నట్టు ప్రవర్తిస్తుంది. అప్పుడు తువ్వాలు ఒక వైపుకు వెళ్తే టబ్ సరిగ్గా ఎదురు వైపుకు వెళ్తుంది, రెండూ కలిసి తమ ఉమ్మడి గురుత్వ కేంద్రం చుట్టూ తిరుగుతాయి. అర కేజీ 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 50 కేజీల ముద్ద దాన్ని సరితూచడానికి 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే చాలు. వేగం 1000 అయినా 1400 అయినా ఆ 2 మిల్లీమీటర్లు దాదాపుగా మారవు. 2 మిల్లీమీటర్లు సాగిన స్ప్రింగు డబ్బా మీద చూపే బలం మళ్లీ పాతిక న్యూటన్లే. గ్లాసులో నీళ్లు సన్నగా వణకడం తప్ప మరేమీ లేదని వేణు గారు రాసింది అందుకే.

టబ్‌కు కాంక్రీటు దిమ్మ కట్టడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. బరువు పెరిగితే ఆ 2 మిల్లీమీటర్లు ఇంకా తగ్గుతాయి, సహజ పౌనఃపున్యమూ కిందకు దిగుతుంది. గట్టి స్ప్రింగులు వేస్తే దానికి ఎదురు జరుగుతుంది. గట్టిదనం రెట్టింపు చేస్తే ఊపు వచ్చే వేగం 150 నుంచి 212కు మారుతుంది కానీ పోదు, పూర్తి వేగంలో డబ్బాకు చేరే బలం మాత్రం స్ప్రింగు వాటాలో రెట్టింపవుతుంది.

హైదర్_నిజామాబాద్
నా మెషీన్‌కు ఊపంతా 1000 చుట్ల దగ్గరే. కొత్తగా కొన్న వారంలోనే స్నానాల గది నుంచి గుమ్మం దాకా నడిచి వచ్చింది. మీ లెక్క ప్రకారం అక్కడ నిశ్శబ్దంగా ఉండాలి. మరి ఈ సిద్ధాంతం అన్ని మెషీన్లకూ వర్తించదా?

సర్వీస్_సత్తిబాబు
హైదర్ భాయ్, వెనక వైపు రవాణా బోల్టులు తీశారా? పొడవాటి బోల్టులు మూడో నాలుగో ఉంటాయి, ప్లాస్టిక్ తొడుగుతో.

హైదర్_నిజామాబాద్
ఇప్పుడే చూశాను. నాలుగూ అలాగే ఉన్నాయి. తెచ్చి బిగించిన మనిషి వాటి సంగతి చెప్పలేదు.

మూర్తి_వైబ్రేషన్
ఆ బోల్టులు టబ్‌ను డబ్బాకు కట్టేస్తాయి. స్ప్రింగు, డాంపర్ రెండూ ఉండీ లేనట్టే. టబ్ పక్కకు జరిగి సరితూచే అవకాశం లేదు కాబట్టి పైన చెప్పిన 1100 న్యూటన్లూ నేరుగా డబ్బాకు, నేలకు చేరతాయి. తీసేవరకు స్పిన్ నడపకండి, బేరింగులు కూడా దెబ్బతింటాయి. తీసిన బోల్టులు దాచుకోండి, ఇల్లు మారేటప్పుడు కావాలి.

గోదారి_రాధ
ఆగేటప్పుడు ఎక్కువసేపు ఎందుకు ఊగుతుందో ఎవరూ చెప్పలేదు. నాకు ఆసక్తిగా ఉంది.

మూర్తి_వైబ్రేషన్
ఊపు పేరుకోవడానికి సమయం కావాలి. వేగం పుంజుకునేటప్పుడు మోటారు బలంగా లాగి 150ని త్వరగా దాటించేస్తుంది, పది ఊపులు పేరుకునే లోపే ఆ వేగం వెనకబడుతుంది. ఆగేటప్పుడు చాలా మెషీన్లలో మోటారు డ్రమ్మును దాని మానాన వదిలేస్తుంది. అది నెమ్మదిగా తగ్గుతూ అదే 150 దగ్గర ఎక్కువసేపు గడుపుతుంది.

మరొక సంగతి. స్పిన్‌కు ముందు మెషీన్ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి, కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టడం చూసే ఉంటారు. బట్టలు డ్రమ్ము చుట్టూ సమంగా సర్దుకున్నాయో లేదో 150 కంటే తక్కువ వేగంలో అది పరీక్షిస్తోంది. సరిగా లేకపోతే ఆ గండం దాటడానికి ఒప్పుకోదు. ఒక్క దుప్పటి వేసినప్పుడు చాలాసేపు తంటాలు పడేది అందుకే. దానికి తోడుగా రెండు తువ్వాళ్లు వేయండి.

న్యూజెర్సీ_నాగు
నా కథ మరో రకం. మాది చెక్క ఇల్లు, మెషీన్ పై అంతస్తులో ఉంది. 150 దగ్గర ఏ ఇబ్బందీ లేదు. సరిగ్గా 800 చుట్ల దగ్గర గది నేల మొత్తం గుమ్మని మోగుతుంది, పక్క గదిలో మంచం కూడా వణుకుతుంది. 1200 చేరగానే తగ్గిపోతుంది. కాళ్ల కింద రబ్బరు దిళ్లు కొని పెడితే ఇంకా పెరిగింది.

మూర్తి_వైబ్రేషన్
నాగు గారూ, మీకు ఊగుతున్నది టబ్ కాదు, నేల. 800 చుట్లంటే సెకనుకు 13 సార్లు. చెక్క దూలాల మీద వేసిన నేలల సహజ పౌనఃపున్యం ఆ దరిదాపుల్లో ఉండడం మామూలే. నేల కూడా ఒక స్ప్రింగే, దాని మీద ఉన్న బరువే దాని ముద్ద, చెక్క ఇంట్లో డంపింగ్ చాలా తక్కువ.

రబ్బరు దిళ్లతో మెషీన్ మొత్తం మరో స్ప్రింగు మీద నిలబడింది. ఆ దిళ్ల మీద మెషీన్ సహజ పౌనఃపున్యం 13కు దగ్గర పడితే మీరు రోగానికి మందు బదులు తోడు తెచ్చినట్టు. దిళ్లు ఉపయోగపడాలంటే ఆ పౌనఃపున్యం, తగ్గించాలనుకున్న కంపనం కంటే బాగా కింద ఉండాలి. కనీసం 1.4తో భాగించినంత కింద ఉంటేనే ఏమైనా లాభం మొదలవుతుంది, సగం కంటే కిందకు వెళ్తేనే చెప్పుకోదగ్గ తేడా. మీ మెషీన్ బరువుకు దిళ్లు ఎన్ని మిల్లీమీటర్లు అణిగాయి?

న్యూజెర్సీ_నాగు
కంటికి కనిపించేంత అణగలేదు. అర మిల్లీమీటరు ఉంటుందేమో.

మూర్తి_వైబ్రేషన్
అర మిల్లీమీటరు అంటే లలిత గారి ఊయల సూత్రం ప్రకారం సెకనుకు 22 సార్లు. రబ్బరు కదలికలో మరింత గట్టిగా ప్రవర్తిస్తుంది కాబట్టి ఇంకా పైనే ఉంటుంది. 13 దగ్గర అది ఆపదు, కొంత పెంచుతుంది. ఏడు సార్లకు తేవాలంటే దాదాపు 5 మిల్లీమీటర్లు అణగాలి, అంత మెత్తటి దిళ్ల మీద మెషీన్ నిలకడగా ఉండడం కష్టం. దూలాల నడిమి భాగం మీద కాకుండా గోడ పక్కకు జరిపి చూడడం మేలని నా అభిప్రాయం.

సర్వీస్_సత్తిబాబు
ఈ ఒక్క మాటలో మూర్తి గారితో విభేదిస్తాను. కింద మందపాటి ప్లైవుడ్ పలక పరిచి, దాని మీద పెడితే తగ్గిన ఇళ్లు నేను చూశాను.

మూర్తి_వైబ్రేషన్
పలక బరువును ఎక్కువ దూలాల మీదకు పంచితే తగ్గవచ్చు, పలక దూలాల మధ్యలోనే ముగిస్తే తగ్గకపోవచ్చు. ఇల్లు చూడకుండా నేను ఖాయంగా చెప్పలేను. ప్రస్తుతానికి 800 దగ్గర ఎక్కువసేపు తిరిగే ప్రోగ్రాము మానేయడం సులువు.

వేణు గారి 30, 16, 8 గురించి ఒకటి మరచిపోయాను. ఇలాంటి మెషీన్లలో డాంపర్లు నూనె రకం కావు, గొట్టంలో నురుగు ముక్క రాసుకునే రాపిడి రకం. రాపిడి బాగా ఉంటే ఊపు ప్రతిసారీ సగం కాదు, ప్రతిసారీ ఒకే కొలత తగ్గుతూ చటుక్కున ఆగిపోతుంది. బియ్యం సంచులు పెట్టగానే టబ్ తడుముకోకుండా దిగడం కూడా అదే చెబుతోంది, రాపిడి గట్టిగా ఉంటే కుదిపితే గాని దిగదు. నేను వేసిన 0.1 లెక్క ఒక అంచనాకే పనికొస్తుంది. రాపిడి అరిగిపోయిందన్న నిర్ణయానికి మాత్రం అది చాలు.

కవిత_కరీంనగర్
అలాగైతే రెండుకు బదులు నాలుగు డాంపర్లు బిగిస్తే మరీ మంచిది కదా?

మూర్తి_వైబ్రేషన్
కాదండీ. డాంపర్ 150 దగ్గర మిత్రుడు, 1000 దగ్గర కాదు. పూర్తి వేగంలో టబ్ ఆ 2 మిల్లీమీటర్ల లోపలే చాలా వేగంగా కదులుతుంది, డాంపర్ ఆ కదలికను పట్టుకుని బలాన్ని డబ్బాకు చేరవేస్తుంది. నూనె డాంపర్ లెక్కలో చూస్తే, నిష్పత్తి 0.1 ఉన్నప్పుడు నేలకు చేరేది 4 కేజీల బలం, 0.35 ఉన్నప్పుడు 12 కేజీలు. తయారీదారు మధ్యలో ఎక్కడో రాజీ పడతాడు. చిన్న కదలికకు పట్టు లేకుండా, పెద్ద కదలికకే రాపిడి మొదలయ్యే డాంపర్లు కూడా ఈ బాధకే పుట్టాయి.

వేణు_కాకినాడ
నిన్న డాంపర్లు రెండూ మార్పించాను. పాతవాటిలో ఒకటి చేత్తో లాగితే ఏ పట్టూ లేకుండా జారిపోయింది, రెండోది కాస్త బిగువుగా ఉంది. ఇప్పుడు టబ్‌ను నొక్కి వదిలితే ఒక్కసారి పైకి వచ్చి అక్కడే నిలిచిపోతోంది. వీడియోలో లెక్కపెడితే పాత ఊపు పది సెకన్లలో 26 సార్లు వచ్చింది, అంటే 156 చుట్లు. డబ్బాకు కొట్టుకోవడం పూర్తిగా పోయింది.

అయితే కింది వాటాలో ఉండే మా అత్తగారు, మెషీన్ జోరుగా తిరిగేటప్పుడు పైకప్పులో ఇదివరకు లేని సన్నని హోరు వినిపిస్తోందని ఉదయం చెప్పారు. కవిత గారికి మీరు చెప్పిన 12 కేజీలు ఇదేనా?

మూర్తి_వైబ్రేషన్
చాలా వరకు అదే అయి ఉండాలి. ఒక్క పని చేయండి. అదే బట్టలతో 1000లో ఒకసారి, 800లో ఒకసారి తిప్పి హోరులో తేడా ఉందేమో అత్తగారిని అడగండి. 800లో పూర్తిగా మాయమైతే, నాగు గారి నేలలాగే మీ స్లాబు కూడా ఈ లెక్కలో ఉన్నట్టు.